తుంటి కీలులో రాలే ధూళి

2012 మే నెలలో జర్మనీలోని మార్బర్గ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి 55 ఏళ్ల రోగి ఒకరు వచ్చారు. గుండె బాగా దెబ్బతింది. ఆరోగ్యవంతుల గుండె ఒక్కో స్పందనకు తనలోని రక్తంలో సగానికి పైగా బయటికి నెడుతుంది. ఆయన గుండె నెట్టేది సుమారు 25 శాతమే. అయినా గుండె రక్తనాళాల్లో చెప్పుకోదగ్గ అడ్డంకి ఏదీ కనబడలేదు. దానికితోడు ఎందుకొస్తోందో తెలియని జ్వరం. థైరాయిడ్ మందగించింది. చెవులు వినబడటం లేదు, చూపు దాదాపు పోయింది. గుండె డాక్టర్ గుండెను, చెవి డాక్టర్ చెవిని, కంటి డాక్టర్ కంటిని చూస్తే ఇవన్నీ వేరువేరు జబ్బులు. ఒకే మనిషికి కొద్ది నెలల్లో ఇన్ని ఎందుకు మొదలయ్యాయన్న ప్రశ్నకు మాత్రం జవాబు లేదు.

అక్కడి ప్రొఫెసర్ యుర్గెన్ షేఫర్‌కు ఒక అలవాటు ఉంది. 'డాక్టర్ హౌస్' అనే అమెరికన్ టీవీ సీరియల్‌లోని కేసులను తీసుకుని వైద్య విద్యార్థులకు పాఠం చెప్పేవారు. ఆ సీరియల్ ఒక భాగంలో ఇలాంటి రోగే ఉంటుంది. అందుకే ఆయన బృందం గుండె మీది చూపును కాస్త కిందికి దించి తుంటిని చూసింది. రోగికి అంతకు సుమారు ఏడాదిన్నర ముందు, తుంటిలో ఉన్న సిరామిక్ కృత్రిమ కీలు విరిగిపోతే, దాని స్థానంలో లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నె పెట్టారు. ఎక్స్-రేలో ఆ బంతి అరిగిపోయి కనిపించింది. రక్తంలో కోబాల్ట్ కొలిస్తే మామూలుగా ఉండాల్సిన గరిష్ఠ పరిమితికి దాదాపు వెయ్యి రెట్లు ఉంది.

విరిగిన సిరామిక్‌ను సర్జన్లు ఎంత శుభ్రం చేసినా కంటికి కనబడని పలుకులు కొన్ని కండరాల్లో మిగిలిపోతాయి. అవి కొత్త బంతికీ, గిన్నెకూ మధ్య చేరతాయి. మెత్తటి ప్లాస్టిక్‌లో దిగబడి, అడుగడుగుకూ కోబాల్ట్-క్రోమ్ బంతిని గీకుతాయి. సిరామిక్ ముందు ఆ లోహం చాలా మెత్తనిది. అలా అరిగిన లోహం రక్తంలో కరిగి గుండెకూ, నరాలకూ, థైరాయిడ్‌కూ చేరింది. లోహపు బంతిని తీసేసి సిరామిక్‌ది పెట్టాక రోగి రక్తంలో కోబాల్ట్ దిగింది, జ్వరం తగ్గింది, గుండె సామర్థ్యం సుమారు 40 శాతానికి పెరిగింది. చూపు, వినికిడి మాత్రం పెద్దగా కోలుకోలేదు. 2014లో ఈ కేసును 'లాన్సెట్' పత్రిక ప్రచురించింది.

ఇది చాలా అరుదైన కేసు. అయితే తుంటి మార్పిడి ఆపరేషన్ ఆరు దశాబ్దాలుగా పోరాడుతున్నది ఇదే శత్రువుతో, అంటే రెండు తలాలు ఒరుసుకున్నప్పుడు రాలే పొడితో. ఏ పదార్థం నుంచి ఎంత పొడి రాలుతుంది, రాలినదాన్ని శరీరం ఏం చేస్తుంది అన్న రెండు ప్రశ్నలే కృత్రిమ కీలు ఎన్నేళ్లు నిలుస్తుందో తేలుస్తాయి.

మగ్గం పళ్లచక్రం నుంచి వచ్చిన ప్లాస్టిక్

తొడ ఎముక పైకొసన ఉండే బంతి, కటి ఎముకలోని గుంతలో తిరగడమే తుంటి కీలు. ఆపరేషన్‌లో అరిగిన బంతిని కోసేస్తారు. తొడ ఎముక గొట్టంలోకి లోహపు కాడను దించి, దాని తలమీద కొత్త బంతిని బిగిస్తారు. కటి ఎముక గుంతను నున్నగా తొలిచి గిన్నెను కూర్చుతారు. కాడ, గిన్నె ఎముకకు అతుక్కుని కదలకుండా ఉండాలి. కదలాల్సింది బంతి, గిన్నె లోపలి తలం మాత్రమే. కాబట్టి అరుగుదల కథంతా ఆ రెండు తలాల మధ్యే నడుస్తుంది.

ఈ ఆపరేషన్‌కు నేటి రూపం ఇచ్చినవాడు ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రి సర్జన్ జాన్ చార్న్లీ. 1950ల చివర్లో ఆయన గిన్నెకు టెఫ్లాన్‌ను ఎంచుకున్నాడు. అంతకన్నా జారుడు గుణమున్న ఘనపదార్థం అప్పట్లో దొరకదు, శరీరంతో చర్య జరపదని పేరు కూడా ఉంది. సుమారు 300 మందికి అమర్చాడు. మొదట్లో ఫలితాలు అద్భుతంగా ఉన్నాయి. రెండు మూడేళ్లు గడిచేసరికి లోహపు బంతులు టెఫ్లాన్‌ను తొలుచుకుంటూ పోయాయి. మళ్లీ తెరిచి చూస్తే కీలు చుట్టూ జున్నులాంటి ముద్దలు, పక్కన తినేసినట్టున్న ఎముక. ఆ రోగులలో చాలామందికి చార్న్లీయే స్వయంగా మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

1962 మే నెలలో ఒక సేల్స్‌మ్యాన్ ఆ ఆసుపత్రికి వచ్చాడు. లాంకషైర్ బట్టల మిల్లుల మగ్గాలకు ప్లాస్టిక్ పళ్లచక్రాలు అమ్మడం అతని పని. అతని దగ్గరున్న ముక్క అధిక అణుభారమున్న పాలిథిలిన్. చార్న్లీ దాన్ని బొటనవేలి గోటితో నొక్కి చూసి, గోరు దిగిందని పక్కన పడేశాడు. ఆయన సహాయకుడు హారీ క్రేవెన్ మాత్రం దాన్ని వదల్లేదు. చార్న్లీ విదేశంలో సదస్సుకు వెళ్లి ఉండగా ఆ ముక్కను అరుగుదల యంత్రంలో బిగించి రాత్రింబగళ్లు తిప్పాడు. చార్న్లీ తిరిగి వచ్చేసరికి మూడు వారాలు తిరిగిన ఆ ముక్క, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగేంత కూడా అరగలేదు.

ఈసారి చార్న్లీ యంత్రాన్ని మాత్రమే నమ్ముకోలేదు. టెఫ్లాన్ పొడినీ, పాలిథిలిన్ పొడినీ తన తొడలోకే ఎక్కించుకున్నాడు. కొన్ని నెలలకు టెఫ్లాన్ ఉన్నచోట గడ్డలు చేతికి తగిలాయి, పాలిథిలిన్ ఉన్నచోట ఏమీ తగల్లేదు. 1962 నవంబర్ నుంచి రోగులకు పాలిథిలిన్ గిన్నెలు అమర్చడం మొదలైంది. లోహపు బంతి, పాలిథిలిన్ గిన్నె అనే ఆ జంట కొన్ని మార్పులతో ఇప్పటికీ వాడుకలో ఉంది.

అడుగుకు లక్షల రేణువులు

మెరుగైన ప్లాస్టిక్ అయినా అరుగుతుంది. పాత రకం పాలిథిలిన్ గిన్నెలోకి బంతి ఏడాదికి సుమారు 0.1 మిల్లీమీటరు చొప్పున దిగేది. ఇది నాలుగైదు కాగితాల మందం కూడా కాదు, ఎక్కువలో ఎక్కువ ఒకటి. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది.

చార్న్లీ వాడిన బంతి వ్యాసం సుమారు 22 మిల్లీమీటర్లు. అంత బంతి 0.1 మిల్లీమీటరు లోతుకు దిగితే అరిగిపోయే ప్లాస్టిక్ 38 ఘన మిల్లీమీటర్లు. అదంతా మైక్రాన్‌లో సగం వ్యాసమున్న రేణువులుగా మారిందనుకుంటే, ఏడాదికి 58 వేల కోట్ల రేణువులు అవుతాయి. మామూలుగా తిరిగే మనిషి ఒక్కో కాలితో ఏడాదికి దాదాపు పది లక్షల అడుగులు వేస్తాడు. అంటే అడుగుకు దాదాపు ఐదారు లక్షల రేణువులు. అదే లోతుకు 36 మిల్లీమీటర్ల బంతి దిగితే రాలే పొడి వంద ఘన మిల్లీమీటర్లు దాటుతుంది. చార్న్లీ చిన్న బంతిని పట్టుకుని వదలకపోవడానికి ఒక కారణం ఇదే. చిన్న బంతికి వేరే ఇబ్బంది ఉంది. అది గిన్నెలోంచి త్వరగా జారి బయటికొస్తుంది.

ఇక ఆ రేణువులను శరీరం ఏం చేస్తుంది? లోపలికొచ్చిన క్రిములనూ, చెత్తనూ మింగి అరాయించే కణాలు మనలో ఉన్నాయి. వాటిని మాక్రోఫేజ్‌లు అంటారు. ఒక మైక్రాన్ లోపు రేణువు వాటికి సరిగ్గా మింగదగ్గ సైజు. క్రిమిని మింగితే అరిగించుకుంటాయి. పాలిథిలిన్‌ను మింగుతాయి గానీ అరిగించుకోలేవు. అరగని సరుకుతో నిండిన ఆ కణాలు వాపు పుట్టించే రసాయనాలను విడుదల చేస్తూనే ఉంటాయి. పాత ఎముకను కరిగించే పనిలో ఉండే ఆస్టియోక్లాస్ట్ అనే కణాలకు ఆ రసాయనాలే పిలుపు. అవి వచ్చి కాడ చుట్టూ, గిన్నె వెనుక ఉన్న మంచి ఎముకను కరిగించడం మొదలుపెడతాయి. దీన్నే ఆస్టియోలైసిస్ అంటారు. ఇందులో క్రిమి లేదు, చీము లేదు.

చాలాకాలం దీన్ని సరిగా గుర్తించలేదు. గిన్నెనూ కాడనూ ఎముకకు అతికించే సిమెంటే ఎముకను తినేస్తోందని భావించి, 1980లలో 'సిమెంటు జబ్బు' అని కూడా పేరు పెట్టారు. సిమెంటు లేకుండా బిగించే కీళ్లు వచ్చాక వాటి చుట్టూ కూడా అవే గుంతలు పడ్డాయి. అప్పుడు వేళ్లన్నీ పొడివైపు తిరిగాయి.

ఆస్టియోలైసిస్‌తో వచ్చిన పెద్ద చిక్కు, అది నొప్పి లేకుండా పెరగడం. ఎముకలో పెద్ద గుంత పడినా కాడ ఇంకా గట్టిగా ఉన్నంతకాలం మనిషి హాయిగా నడుస్తాడు. కాడ వదులైన రోజునో, పలచబడిన ఎముక చిన్న తూలుకే విరిగిన రోజునో బయటపడుతుంది. అప్పటికి కొత్త కీలు బిగించడానికి తగినంత ఎముక మిగలకపోవచ్చు. అందుకే ఏ బాధా లేకపోయినా అప్పుడప్పుడు ఎక్స్-రే తీయించుకోమని సర్జన్లు చెబుతారు. అందులో వాళ్లు రెండు విషయాలు చూస్తారు. ఒకటి, బంతి గిన్నెకు నడిమధ్యలోనే ఉందా, పైకి జరిగిందా అనేది. పైకి జరిగితే పైభాగం ప్లాస్టిక్ అరిగినట్టు. రెండోది, కీలు చుట్టూ ఎముక తెల్లదనంలో నల్లటి మచ్చలు. ఎక్స్-రే ఈ గుంతలను ఉన్నదానికన్నా చిన్నవిగా చూపుతుంది. అనుమానం వస్తే సీటీ స్కాన్ తీస్తారు. ప్లాస్టిక్ అరిగినా గిన్నె, కాడ గట్టిగా ఉంటే లోపలి ప్లాస్టిక్ లైనర్‌నూ బంతినీ మార్చి, గుంతలో ఎముక పొడి నింపడంతో సరిపోవచ్చు. ఆలస్యమైతే మొత్తం తీసి కొత్తగా కట్టాల్సి వస్తుంది.

ప్లాస్టిక్‌కు బలం కట్టిన కిరణాలు

పాలిథిలిన్ గిన్నెలకు మరో దెబ్బ వాటిని శుద్ధిచేసే పద్ధతి వల్లే తగిలింది. క్రిములు చంపడానికి ప్యాకెట్‌ను గామా కిరణాలకు గురిచేసేవారు. కిరణాలు ప్లాస్టిక్ అణుగొలుసులను తెంచుతాయి. తెగిన కొసలు ప్యాకెట్‌లో ఉన్న గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఏళ్ల తరబడి షెల్ఫ్ మీద ఉన్నా సరే, ప్లాస్టిక్‌ను పెళుసుగా మార్చేవి. అలా పాతబడిన గిన్నె శరీరంలోకి వెళ్లాక త్వరగా అరిగేది, పొరలుగా లేచేది.

చిత్రమేమిటంటే, పరిష్కారం కూడా ఆ కిరణాల్లోనే దొరికింది. తెగిన కొసలు ఆక్సిజన్‌తో కాకుండా పక్క గొలుసుతో ముడిపడితే ప్లాస్టిక్ గట్టిపడుతుంది. అందుకని శుద్ధికి వాడేదానికన్నా రెండు నుంచి నాలుగు రెట్ల మోతాదులో కిరణాలు పట్టించి, తరువాత వేడిచేసి మిగిలిన కొసలను చల్లార్చే పద్ధతి 1990ల చివర్లో వాడుకలోకి వచ్చింది. ఆక్సిజన్ పని పట్టడానికి విటమిన్ 'ఈ' కలిపే రకాలు ఆ తరువాత వచ్చాయి. దీన్ని క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్ అంటారు. దీని అరుగుదల పాతదానిలో చిన్న భాగమే. పాత ప్లాస్టిక్ రోజుల్లో సర్జన్లను వేధించిన ఆస్టియోలైసిస్ ఈ కీళ్లలో చాలా అరుదైంది.

అయితే దీనికీ ఒక ధర ఉంది. గొలుసులు ముడిపడిన కొద్దీ ప్లాస్టిక్ సాగే గుణం తగ్గి, పగుళ్లను తట్టుకునే శక్తి కొంత పోతుంది. పెద్ద బంతి పెట్టాలని లైనర్‌ను మరీ పలచగా చేసినా, గిన్నెను మరీ నిటారుగా బిగించినా అంచు పగిలిన సందర్భాలు ఉన్నాయి.

లోహం మీద లోహం

ప్లాస్టిక్ పొడితో విసిగిన రోజుల్లో, ప్లాస్టిక్‌నే తీసేస్తే పోలేదా అనిపించడం సహజం. బంతీ గిన్నే రెండూ కోబాల్ట్-క్రోమ్‌తో చేసిన కీళ్లు 1960ల నుంచే ఉన్నాయి. వాటిలో కొన్ని రెండు మూడు దశాబ్దాలు కూడా పనిచేశాయి. 1990లలో ఆ ఆలోచన మళ్లీ లేచింది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో డెరెక్ మెక్‌మిన్, బంతిని పూర్తిగా కోసేయకుండా దానిమీద లోహపు టోపీ తొడిగే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. చురుకైన యువకులకు అది ఆకర్షణీయంగా కనిపించింది. పెద్ద బంతి కాబట్టి జారిపోదు, ప్లాస్టిక్ లేదు కాబట్టి పొడి తక్కువ.

లెక్క ప్రకారం కూడా అంతా బాగుంది. బండి ఇరుసుకూ, చక్రానికీ మధ్య కందెన ఉన్నంతసేపు లోహం లోహాన్ని తాకనట్టే, పెద్ద బంతి వేగంగా తిరిగితే కీలులోని ద్రవం రెండు తలాల మధ్య పలచని పొరగా నిలుస్తుంది. ఆ పొర ఉండాలంటే బంతి, గిన్నెల మధ్య ఖాళీ మైక్రాన్ల లెక్కలో సరిగ్గా కుదరాలి. ప్రయోగశాలలో, పశువుల రక్తం నుంచి తీసిన సీరమ్ పోసి, లక్షల సార్లు తిప్పితే అరిగిన లోహం నామమాత్రంగా తేలింది.

జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన డిప్యూ కంపెనీ 2003 నుంచి అమ్మిన ఏఎస్ఆర్ కీలు ఈ కోవలోదే. ఎముకను తక్కువగా కోసేందుకూ, కాలు ఎక్కువ దూరం తిరిగేందుకూ దాని గిన్నెను పలచగా, అర్ధగోళం కన్నా లోతు తక్కువగా చేశారు. బంతికీ, గిన్నెకూ మధ్య ఖాళీ చాలా బిగువు. గిన్నెను పరీక్షా యంత్రంలో సరైన కోణంలో బిగిస్తే పనిచేసిన ఈ రూపమే, ఆపరేషన్ బల్ల మీద సమస్య అయింది. లోతు తక్కువ కావడంతో గిన్నె కొన్ని డిగ్రీలు నిటారుగా కూర్చున్నా బంతి భారం గిన్నె మధ్యలో కాకుండా అంచు మీద పడుతుంది. అంచు దగ్గర ద్రవపు పొర తెగుతుంది. అప్పుడు లోహం లోహాన్ని నేరుగా గీకుతుంది. కొందరి కీళ్లలో అరుగుదల ప్రయోగశాల లెక్కకు ఎన్నో రెట్లు దాటింది.

రాలే లోహపు పరిమాణం ప్లాస్టిక్ కన్నా తక్కువే. కానీ ఆ రేణువులు నానోమీటర్లలో ఉంటాయి. ఒకే పరిమాణంలో లోహం నుంచి ప్లాస్టిక్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రేణువులు పుడతాయి, వాటి ఉపరితలం కూడా విపరీతంగా ఎక్కువ. అంత ఉపరితలం నుంచి కోబాల్ట్, క్రోమియం అయాన్లు ద్రవంలోకి కరుగుతాయి. కీలు చుట్టూ కణజాలం చచ్చి నల్లబడుతుంది, ద్రవంతో నిండిన గడ్డలు పెరుగుతాయి. క్యాన్సర్ కాదు గానీ గడ్డలా కనిపిస్తుంది కాబట్టి 2008లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు వీటిని సూడోట్యూమర్ అన్నారు. ఇక్కడ కరిగేది ఎముకే కాదు. కాలును పక్కకు ఎత్తే కండరాలు నాశనమైతే, కీలు మార్చినా రోగి ఆ పక్కకు ఒరుగుతూ నడవాల్సి వస్తుంది.

ప్రమాదాన్ని ముందు పసిగట్టినవి కీళ్ల రిజిస్ట్రీలు. వేసిన ప్రతి కీలునూ, తీసిన ప్రతి కీలునూ నమోదు చేసే ఆస్ట్రేలియా రిజిస్ట్రీలో 2007 నుంచే ఏఎస్ఆర్ సంఖ్యలు తేడాగా కనబడ్డాయి. 2009 చివర్లో అక్కడ అమ్మకం ఆపేశారు. ఇంగ్లండ్, వేల్స్ రిజిస్ట్రీ లెక్క తేల్చింది: ఐదేళ్లలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తోంది. 2010 ఆగస్టులో కంపెనీ ప్రపంచమంతటా దాన్ని వెనక్కి పిలిచింది. అప్పటికి సుమారు 93,000 మందికి అమర్చారు. కంపెనీ 2011లో లోపల వేసుకున్న అంచనా ఐదేళ్లలో 37 శాతం అని 2013లో లాస్ ఏంజెలెస్ కోర్టు విచారణలో బయటపడింది. అదే ఏడాది అమెరికాలో దాదాపు 250 కోట్ల డాలర్లతో పరిహార ఒప్పందం కుదిరింది.

మన దేశంలోకి ఈ కీలు 2006లో వచ్చింది. సుమారు 4,700 ఆపరేషన్లు జరిగాయి. వెనక్కి పిలిచాక వాటిని ఎవరికి అమర్చారో వెతకబోతే, చాలామంది వివరాలు ఎక్కడా లేవు. కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో డాక్టర్ అరుణ్ అగర్వాల్ అధ్యక్షతన కమిటీ వేసింది. దాదాపు 3,600 మంది ఆచూకీ తెలియదని ఆ కమిటీ తేల్చింది. 2018 నవంబర్‌లో కేంద్రం వయసు, వైకల్యం బట్టి 30 లక్షల నుంచి 1 కోటి 23 లక్షల రూపాయల వరకు పరిహార సూత్రం ప్రకటించింది. రిజిస్ట్రీలో ఎవరి కీలు ఏదో తెలిసిన దేశాల్లో రోగికి కబురు వెళ్లింది. ఇక్కడ మాత్రం తన తొడలో ఉన్నది వెనక్కి పిలిచిన కీలని తెలియకుండానే తిరుగుతున్నవాళ్లు ఉండే అవకాశం మిగిలిపోయింది.

రక్తంలోకి చేరిన కోబాల్ట్

కోబాల్ట్ గుండెకు విషమని కీళ్ల డాక్టర్ల కన్నా ముందు బీరు కర్మాగారాల ద్వారా తెలిసింది. 1960ల మధ్యలో కెనడాలోని క్యూబెక్‌లో నురగ నిలవడానికి బీరులో కోబాల్ట్ లవణం కలిపారు. బాగా తాగేవాళ్లలో ఉన్నట్టుండి గుండె బలహీనపడే జబ్బు వ్యాపించి పలువురు చనిపోయారు. కోబాల్ట్ ఆపగానే కొత్త కేసులు ఆగాయి.

కీలు విషయంలో ఆ అనుభవం స్టీఫెన్ టవర్ అనే సర్జన్‌కు సొంతంగా ఎదురైంది. అమెరికాలోని అలాస్కాలో కీళ్ల ఆపరేషన్లు చేసే ఆయన తుంటిలోనే ఏఎస్ఆర్ కీలు ఉండేది. రక్తంలో కోబాల్ట్ లీటరుకు 100 మైక్రోగ్రాములు దాటింది. చేతుల వణుకు, వినికిడి లోపం, మూడ్‌లో విపరీతమైన మార్పులు వచ్చాయి. కీలు మార్చాక తేరుకున్నారు. తన కేసును, మరో రోగి కేసును కలిపి 2010లో వైద్య పత్రికలో రాశారు.

కృత్రిమ కీలు లేనివారి రక్తంలో కోబాల్ట్ సాధారణంగా లీటరుకు ఒక మైక్రోగ్రాము లోపే. బాగా పనిచేస్తున్న లోహ కీలు ఉన్నవారిలో కొద్దిగా ఎక్కువ. బ్రిటన్ నియంత్రణ సంస్థ 2010లో 7 మైక్రోగ్రాములను హెచ్చరిక గీతగా పెట్టింది. ఆ గీత దాటితే ఎంఆర్ఐ తీసి కణజాలాన్ని చూడాలి, మూడు నెలల తరువాత రక్తం మళ్లీ చూడాలి. గీత కింద ఉన్నారు కాబట్టి నిశ్చింత అనుకోవడానికి లేదు. కొందరిలో రక్తంలో కోబాల్ట్ తక్కువే ఉన్నా కీలు చుట్టూ గడ్డ ఉంటుంది.

ఈ పరీక్షలో చిన్న మెళకువలు ఉన్నాయి. రక్తం తీసే స్టీలు సూదిలోనే లోహం ఉంటుంది కాబట్టి ముందు వచ్చే కొన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని పారబోసి, సూక్ష్మ లోహాలకు ప్రత్యేకించిన ట్యూబులోకి తరువాతి రక్తం తీస్తారు. మామూలు ట్యూబులో తీస్తే ఫలితం తప్పుగా ఎక్కువ వస్తుంది. కోబాల్ట్, క్రోమియం రెండూ కలిపి చూడటం కూడా అవసరమే. లోహం మీద లోహం అరిగితే రెండూ దగ్గరదగ్గరగా పెరుగుతాయి. కోబాల్ట్ మాత్రమే కొన్ని రెట్లు ఎక్కువగా ఉంటే, బంతి కాడకు బిగిసిన చోట తుప్పు పడుతోందని అనుమానిస్తారు. గిన్నె ప్లాస్టిక్‌దైనా, లోహపు బంతి ఉంటే ఇలా జరిగే వీలుంది. కోబాల్ట్ ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే పోతుంది. అవి దెబ్బతిన్నవారిలో అది పేరుకుపోతుంది. లోహ అయాన్లు మాయను దాటి కడుపులోని బిడ్డకూ చేరతాయి. అందుకే లోహం-లోహం కీళ్లు వాడుకలో ఉన్న రోజుల్లో కూడా కిడ్నీ జబ్బున్నవారికీ, పిల్లలు కనే వయసు ఆడవారికీ వద్దనేవారు.

ఇవాళ ఏది పెడుతున్నారు?

లోహం-లోహం కీలు ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. టోపీ తొడిగే పద్ధతి మాత్రం ఎంచుకున్న కొద్దిమంది రోగుల్లో, పేరున్న కొన్ని చోట్ల మిగిలింది. ఎక్కువగా వాడేవి రెండు జతలు: లోహపు బంతితో క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్, సిరామిక్ బంతితో అదే పాలిథిలిన్. సిరామిక్ బంతి గట్టిది, గీతపడదు, కోబాల్ట్ ఊడిరాదు. ధర ఎక్కువ. బంతీ గిన్నే రెండూ సిరామిక్ అయిన జతలో అరుగుదల అన్నింటికన్నా తక్కువ. దానికీ రెండు లోపాలు ఉన్నాయి. కొందరిలో అడుగేసినప్పుడల్లా కిర్రుమనే చప్పుడు వస్తుంది. చాలా అరుదుగా పగులుతుంది. పగిలితే ముక్కలను ఎంత జాగ్రత్తగా తీసినా కొత్త బంతి సిరామిక్‌దే కావాలన్నది మార్బర్గ్ రోగి లాంటి కేసులతో సర్జన్లు నేర్చుకున్న నియమం.

మన దగ్గర ఈ ఎంపిక మరీ బరువైనది, ఎందుకంటే తుంటి మార్పిడి చేయించుకునేవారిలో చాలామంది చిన్న వయసువారు. స్టెరాయిడ్లు, మద్యం, సికిల్ సెల్ వంటి కారణాలతో బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయే జబ్బు, ఏవీఎన్, ముప్పై నలభై ఏళ్లవారినీ ఆపరేషన్ బల్ల ఎక్కిస్తుంది. ముప్పై ఐదేళ్లకు వేసుకున్న కీలు మరో నలభై ఏళ్లు మోయాలి. గొంతుక్కూర్చునే, నేలమీద బాసీపట్టు వేసే అలవాటు వల్ల బంతి గిన్నె అంచును తాకడమూ, జారిపోవడమూ ఎక్కువయ్యే ప్రమాదం ఉంది కాబట్టి గిన్నె కోణాన్ని సరిగా కూర్చడం పదార్థం ఎంపికంత ముఖ్యం.

ఆపరేషన్ రోజు థియేటర్‌లో ప్రతి భాగం ప్యాకెట్ మీదా చిన్న స్టిక్కర్ ఉంటుంది. కంపెనీ పేరు, భాగం కోడ్, సైజు, లాట్ నంబరు అందులో ఉంటాయి. వాటిని రోగి కేసు షీట్‌లో అతికిస్తారు. డిశ్చార్జ్ కాగితాల్లో వాటి ఫొటో గానీ, జిరాక్స్ గానీ అడిగి తీసుకున్నవారు ఇరవై ఏళ్ల తరువాత వేరే ఊళ్లో, వేరే సర్జన్ దగ్గరికి వెళ్లినా లోపల ఉన్న బంతి ఏమిటో, గిన్నె ఏమిటో, దానికి సరిపడే లైనర్ ఏదో చెప్పగలుగుతారు. ఇప్పటికే కీలు ఉండి, కాగితాలు పోయినవారు ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి రికార్డు విభాగంలో పాత నంబరుతో అడగవచ్చు. 2010కి ముందు వేసుకున్న లోహం-లోహం కీలని తేలితే, నొప్పి ఉన్నా లేకపోయినా సర్జన్‌ను కలిసి ఎక్స్-రే, రక్తంలో కోబాల్ట్ పరీక్ష చేయించుకోవాలి. నొప్పి, వాపు, కాలు పక్కకు ఎత్తలేకపోవడం, కారణం తెలియని వణుకు, చూపులో, వినికిడిలో మార్పు, గుండె దడ వంటివి ఉంటే తుంటిలో కీలు ఉన్న సంగతిని ఏ విభాగం డాక్టరుకైనా చెప్పాలి.